బ్రోకర్‌ను మార్చే ఒక్క పేజీ ఉత్తరం

అమెరికాలో ఒక ఫ్యాక్టరీ తన వ్యాపార బీమా పాలసీలను చూసుకునే బ్రోకర్‌ను మార్చుకోవాలంటే పాలసీలు రద్దు చేసుకోనక్కర్లేదు, కొత్తవి కొననక్కర్లేదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం టైపు చేయించి, అధికారం ఉన్నవాళ్లు సంతకం పెట్టి బీమా కంపెనీకి పంపితే చాలు. దీన్నే బ్రోకర్ ఆఫ్ రికార్డ్ లెటర్ అంటారు. బీమా ఆఫీసుల్లో పొట్టిగా బీఓఆర్ అనేస్తారు. ఫలానా పాలసీల విషయంలో ఇకమీదట మా తరఫున మీతో మాట్లాడేది ఫలానా బ్రోకర్ ఒక్కరే అని బీమా కంపెనీకి తెలియజేయడం దాని పని.

ఉత్తరం చిన్నదే గానీ దానివల్ల ఏం మారుతుంది, ఏం మారదు అన్న దగ్గర చాలామంది యజమానులు పొరబడతారు. పాలసీ అన్నది ఫ్యాక్టరీకీ బీమా కంపెనీకీ మధ్య ఒప్పందం. అందులో బ్రోకర్ భాగస్వామి కాడు. కాబట్టి బ్రోకర్ మారినంత మాత్రాన పాలసీలో ఒక్క అక్షరం మారదు. భవనానికి ఎంత మొత్తానికి బీమా ఉందో అంతే ఉంటుంది. ప్రమాదం జరిగితే ఫ్యాక్టరీ తన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తమూ, ప్రీమియమూ, పాలసీ ముగిసే తేదీ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. చేతులు మారేది మాట్లాడే హక్కు. పాలసీ కాగితాలు, క్లెయిముల వివరాలు ఎవరికి ఇవ్వాలి, రెన్యువల్ ధర ఎవరితో మాట్లాడాలి, కొనుగోలుదారులు అడిగే బీమా సర్టిఫికెట్లు ఎవరు జారీ చేయాలి అన్నవన్నీ ఆ హక్కు కిందికి వస్తాయి. ఆ వెనకే కమీషన్ కూడా ఏదో ఒక దశలో కొత్త బ్రోకర్‌కు వెళుతుంది.

ఇలాంటి ఉత్తరం అవసరం ఎందుకు పడిందో తెలియాలంటే అక్కడి మార్కెట్ నడిచే తీరు కొంత తెలియాలి. మధ్యతరహా ఫ్యాక్టరీలకు బీమా అమ్మే కంపెనీల్లో ఎక్కువ భాగం నేరుగా అమ్మవు. స్వతంత్ర ఏజెన్సీల ద్వారా, బ్రోకర్ల ద్వారా అమ్ముతాయి. ఆ ఏజెన్సీలకూ బీమా కంపెనీలకూ మధ్య రాతపూర్వక ఒప్పందాలుంటాయి. ఒక ఖాతాదారుణ్ణి తెచ్చిన ఏజెన్సీకే ఆ రెన్యువల్‌ను మళ్లీ చేయించుకునే హక్కు ఉంటుందని సాధారణంగా ఆ ఒప్పందాల్లో రాసుకుంటారు. అందుకే బీమా కంపెనీ తనంతట తాను ఒక ఖాతాను ఒక ఏజెన్సీ నుంచి తీసి మరొక ఏజెన్సీకి ఇవ్వదు. ఆ పని చేయగలిగింది ఖాతాదారు ఒక్కరే. అదీ నోటిమాటగా కాదు, రాసిచ్చి.

ఉత్తరంలో సాధారణంగా ఉండేది ఇంతే: “కింద రాసిన పాలసీల విషయంలో ఈ తేదీ నుంచి ఫలానా ఏజెన్సీని మా ఏకైక ప్రతినిధిగా నియమించాం. ఈ పాలసీల గురించి బేరం మాట్లాడటానికి, మార్పులు కోరడానికి, వాటికి సంబంధించిన సమాచారం మొత్తం తీసుకోవడానికి వారికి అధికారం ఇస్తున్నాం. ఇంతకుముందు ఇచ్చిన నియామకాలన్నీ దీంతో రద్దవుతాయి. మేం రాతపూర్వకంగా వెనక్కి తీసుకునేదాకా ఈ అధికారం అమల్లో ఉంటుంది.” దాని కింద బీమా కంపెనీ పేరు, పాలసీ రకం, పాలసీ నంబరు, ముగింపు తేదీ వరసగా ఉంటాయి. చివర సంతకం, సంతకం చేసినవాళ్ల పేరు, హోదా, తేదీ. బీమా పరిశ్రమ వాడే అకార్డ్ ఫారాల్లో 36వ నంబరు ఫారం ఇందుకోసమే ఉంది. కొన్ని కంపెనీలు దాన్నే అడుగుతాయి, చాలావాటికి లెటర్‌హెడ్ మీద ఉత్తరం సరిపోతుంది.

ఈ కొద్ది వాక్యాల్లో దేన్ని వదిలేసినా పని ఆగిపోతుంది. ఉత్తరం బీమా కంపెనీని ఉద్దేశించి ఉండాలి. కొత్త బ్రోకర్‌ను ఉద్దేశించి “మిమ్మల్ని నియమించాం” అని రాసిస్తే దాన్ని తీసుకోవడానికి బీమా కంపెనీ వెనకాడుతుంది. పాలసీలు నాలుగు కంపెనీల దగ్గర ఉంటే నాలుగు ఉత్తరాలు రాయాలి. పేరు పాలసీ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. చాలా ఫ్యాక్టరీల్లో యంత్రాలు, వ్యాపారం ఒక కంపెనీ పేరున ఉంటే, స్థలం, భవనం అదే కుటుంబానికి చెందిన మరో కంపెనీ పేరున ఉంటాయి. సంతకం మొదటి కంపెనీ తరఫునే చేసి రెండో కంపెనీని మరిచిపోతే భవనం పాలసీ పాత బ్రోకర్ దగ్గరే ఉండిపోతుంది. ఇక సంతకం చేసేది యజమానో, కంపెనీ అధ్యక్షుడో, ఆర్థిక వ్యవహారాలు చూసే ముఖ్య అధికారో అయి ఉండాలి. ఫ్యాక్టరీ మేనేజర్ సంతకంతో వచ్చిన ఉత్తరాన్ని బీమా కంపెనీ చాలాసార్లు వెనక్కి పంపుతుంది.

ఇదంతా ఆచరణలో ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఇల్లినాయ్ రాష్ట్రంలో రాక్‌ఫర్డ్ పట్టణం బోల్టులు, యంత్ర పనిముట్ల తయారీకి పేరున్న చోటు. ఆ చుట్టుపక్కల 120 మంది పనిచేసే లోహ విడిభాగాల ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. దాని పాలసీలన్నీ అక్టోబర్ 1న రెన్యువల్‌కు వస్తాయి. భవనాలు, యంత్రాలు, సరుకుకు బీమా. తయారుచేసిన భాగం వల్ల ఇతరులకు నష్టం జరిగితే చెల్లించే లయబిలిటీ బీమా. వాహనాల బీమా: ఈ మూడూ ఒకే కంపెనీ దగ్గర ప్యాకేజీగా ఉన్నాయి. ప్రీమియం 2,60,000 డాలర్లు. పనిలో గాయపడ్డ కార్మికులకు వైద్యం, పరిహారం ఇచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీ రెండో కంపెనీ దగ్గర ఉంది, దానికి 1,10,000 డాలర్లు. లయబిలిటీ, వాహన పాలసీల పరిమితి దాటిన నష్టాలకు పైన గొడుగులా ఉండే అంబ్రెల్లా పాలసీ మూడో కంపెనీ దగ్గర ఉంది, దానికి 50,000. మొత్తం 4,20,000 డాలర్లు.

యజమాని అసంతృప్తికి కారణం ఉంది. మూడేళ్లుగా ప్రీమియం పెరుగుతోంది, ఎందుకో పాత బ్రోకర్ వివరంగా చెప్పడం లేదు, రెన్యువల్ కాగితాలు చివరి వారంలో గానీ చేతికి రావడం లేదు. ఇంకో ఏజెన్సీ నుంచి ఒకావిడ వచ్చి పాలసీలు చదివి, వర్కర్స్ కాంపెన్సేషన్‌లో ఒక లోపం చూపించారు. ఆ పాలసీకి ప్రీమియం జీతాల మొత్తాన్ని బట్టి, ఉద్యోగుల పని స్వభావాన్ని బట్టి పడుతుంది. ప్రతి రకం పనికి ఒక కోడ్ ఉంటుంది. మెషిన్ షాపులో పనిచేసేవాళ్లది 3632, ఆఫీసులో కూర్చుని కాగితాల పని చేసేవాళ్లది 8810. ఆఫీసు కోడ్‌కు రేటు మెషిన్ షాపు రేటులో చిన్న వంతే. ఈ ఫ్యాక్టరీలో ఆఫీసు సిబ్బంది నలుగురి జీతాలు ఏళ్ల తరబడి 3632 కిందే లెక్కకు వస్తున్నాయి. ఇది చూసి యజమాని బ్రోకర్‌ను మార్చాలని నిర్ణయించుకున్నాడు. బ్రోకర్‌ను మార్చడానికి ఇది సరైన కారణం. ఎందుకంటే అదే బీమా కంపెనీ, అదే రిస్కు, అదే సమాచారం అయితే బ్రోకర్ మారినంత మాత్రాన ఆ కంపెనీ ధర తగ్గించదు. ధర మారాలంటే కంపెనీ ముందు పెట్టే సమాచారం మారాలి. బ్రోకర్ పనితనం కనిపించేది అక్కడే.

ఎక్కువమందికి నష్టం జరిగేది ఇంతకంటే ముందు దశలో. కొత్త బ్రోకర్ వచ్చి, “ఊరికే ధర ఎంతొస్తుందో చూసి చెబుతాం, ఇక్కడో సంతకం పెట్టండి” అంటాడు. యజమాని ధర కనుక్కోవడానికి ఇచ్చే అనుమతి అనుకుని సంతకం పెడతాడు. తీరా అది బీఓఆర్. నాలుగు రోజులకు పాత బ్రోకర్ ఫోన్ చేసి, మమ్మల్ని ఎందుకు తీసేశారని అడిగినప్పుడు గానీ విషయం అర్థం కాదు. ఈ గందరగోళానికి మార్కెట్లో ఉన్న ఒక పద్ధతి కూడా కారణమే. ఒక ఫ్యాక్టరీ రిస్కు మీద ఒక బీమా కంపెనీ సాధారణంగా ఒక్క బ్రోకర్‌కే ధర ఇస్తుంది. ముందు దరఖాస్తు పంపిన బ్రోకర్ పేరున ఆ ఖాతాను నమోదు చేసుకుని, తర్వాత వచ్చినవాళ్లకు తలుపు మూసేస్తుంది. పాత బ్రోకర్ ముందే నాలుగు కంపెనీలకు దరఖాస్తులు పంపేసి ఉంటే కొత్త బ్రోకర్‌కు ఆ నాలుగూ దొరకవు. ఆ తలుపు తెరిపించడానికి అతనికి ఉన్న దారి బీఓఆర్.

కేవలం పోల్చి చూడటమే ఉద్దేశమైతే యజమాని ఇవ్వాల్సిన ఉత్తరాలు వేరే ఉన్నాయి. క్లెయిముల చరిత్ర తీసుకోవడానికి మాత్రమే అనుమతి ఇచ్చే ఉత్తరం ఒకటి. బీమా కంపెనీ ఇచ్చే ఆ చిట్టాను లాస్ రన్ అంటారు. కొత్తగా ధర చెప్పే ఏ కంపెనీ అయినా సాధారణంగా గడిచిన 5 ఏళ్ల లాస్ రన్‌లు అడుగుతుంది. ఇక రెండోది, ఫలానా రెండు కంపెనీల దగ్గరికి ఈ బ్రోకర్ వెళ్లవచ్చు, మరో రెండింటి దగ్గరికి ఆ బ్రోకర్ వెళ్లవచ్చు అని పంచి ఇచ్చే ఉత్తరం. ఈ రెండూ పాత బ్రోకర్ స్థానాన్ని కదిలించవు. చేతికి వచ్చిన ఉత్తరం ఏ రకమో తేల్చుకోవడానికి అందులో రెండు మాటలు వెతికితే చాలు. ఏకైక ప్రతినిధి అని గానీ, ఇంతకుముందు ఇచ్చిన నియామకాలు రద్దు అని గానీ ఉంటే అది బీఓఆరే, పైన శీర్షిక ఏదైనా సరే.

ఉదాహరణలోని యజమాని తెలిసే సంతకం పెట్టాడు. జూన్ 2 సోమవారం నాడు మూడు కంపెనీలకు మూడు ఉత్తరాలు వెళ్లాయి. ప్యాకేజీ పాలసీ ఇచ్చిన కంపెనీ మర్నాడే పాత బ్రోకర్‌కు ఉత్తరం నకలు పంపి, 5 పనిదినాలు గడువు ఇచ్చింది. ఈ గడువు ఎందుకన్నది కొత్తవాళ్లకు వింతగా అనిపిస్తుంది. ఉత్తరం నిజమైనదేనా, సంతకం పెట్టినవాళ్లకు తాము ఏం చేస్తున్నామో తెలుసా అన్నది తేలడానికి ఇచ్చే వ్యవధి ఇది. చట్టం విధించింది కాదు, చాలావరకు బీమా కంపెనీల సొంత నియమం. సాధారణంగా 5 నుంచి 10 పనిదినాలు ఉంటుంది. కొన్ని కంపెనీలు గడువేమీ లేకుండా వెంటనే మార్చేస్తాయి. ఈ లోపు పాత బ్రోకర్ ఖాతాదారును కలిసి, మొదటి ఉత్తరాన్ని రద్దు చేస్తూ మరో ఉత్తరం సంపాదించగలిగితే కథ మొదటికొస్తుంది. రెండు ఉత్తరాలు ఉంటే తర్వాతి తేదీ ఉన్నదే చెల్లుతుంది.

ఆ వారం రోజులూ యజమాని మీద ఒత్తిడి గట్టిగానే ఉంటుంది. పదేళ్లుగా పండగలకూ పెళ్లిళ్లకూ వచ్చిపోతున్న పాత బ్రోకర్ ఆఫీసుకు వస్తాడు, ఇదివరకు ఎన్నడూ ఇవ్వని సేవలన్నీ ఇస్తానంటాడు. యజమాని మెత్తబడి రద్దు ఉత్తరం మీద సంతకం పెడితే, దాన్ని చూసి కొత్త బ్రోకర్ మూడో ఉత్తరం కోసం వస్తాడు. ఇలా అటూ ఇటూ ఉత్తరాలు తిరిగితే అసలు నష్టం ఫ్యాక్టరీకే. ఎవరితో మాట్లాడాలో తెలియక అండర్‌రైటర్ ఆ ఫైలును పక్కన పెడతాడు. పాత బ్రోకర్‌కు అవకాశం ఇవ్వాలనే ఉంటే ఉత్తరం పంపడానికి ముందే పిలిచి మాట్లాడటం మేలు. పంపాక ఒక్క మర్యాదపూర్వకమైన ఫోన్‌కాల్ చేసి నిర్ణయం అయిపోయిందని చెబితే చాలు. ఉదాహరణలోని యజమాని అదే చేశాడు. జూన్ 10న గడువు ముగిసింది. మర్నాడు కొత్త ఏజెన్సీ పేరుతో ధ్రువీకరణ వచ్చింది.

మిగతా రెండు పాలసీలూ అంత సులువుగా కదల్లేదు. వర్కర్స్ కాంపెన్సేషన్ కంపెనీతో కొత్త ఏజెన్సీకి ఒప్పందం లేదు. ఒప్పందం లేని ఏజెన్సీని బీమా కంపెనీ గుర్తించదు, ఖాతాదారు ఎంత స్పష్టంగా రాసిచ్చినా సరే. ఇలాంటప్పుడు దారులు రెండే. ఏజెన్సీ ఆ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకోవాలి, లేదంటే పాలసీ ముగిసేదాకా పాత బ్రోకర్ దగ్గరే ఉంచి రెన్యువల్‌లో వేరే కంపెనీకి మార్చాలి. ఈ ఉదాహరణలో రెండోదే జరిగింది. కోడ్ పొరపాటును సరిచేయమని మాత్రం యజమాని తన పేరునే బీమా కంపెనీకి రాశాడు, దానికి ఏ బ్రోకర్ అనుమతీ అక్కర్లేదు. ఒహాయోలో ఫ్యాక్టరీ ఉండి ఉంటే ఈ ప్రశ్నే రాదు. ఒహాయో, నార్త్ డకోటా, వాషింగ్టన్, వయోమింగ్ రాష్ట్రాల్లో ఈ బీమాను రాష్ట్ర ప్రభుత్వ నిధే ఇస్తుంది, ప్రైవేటు కంపెనీలు అమ్మవు.

అంబ్రెల్లా పాలసీ చిక్కు మరో రకం. పాత బ్రోకర్ దాన్ని బీమా కంపెనీ నుంచి నేరుగా తేలేదు, హోల్‌సేల్ బ్రోకర్ అనే మరో మధ్యవర్తి ద్వారా తెచ్చాడు. మామూలు కంపెనీలు వెనకాడే రిస్కులకు ఈ హోల్‌సేల్ బ్రోకర్లే దారి. ఇక్కడ ఉత్తరం హోల్‌సేల్ బ్రోకర్‌కు కూడా చేరాలి. యజమాని పంపిన ఉత్తరం బీమా కంపెనీకి వెళ్లింది, వాళ్లు మాకు ఫ్యాక్టరీ ఏజెన్సీతో నేరుగా పనిలేదని ఊరుకున్నారు. మూడు వారాలు ఎవరూ పట్టించుకోలేదు. ఇలా ఒక్క పాలసీ వెనకబడిపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్రమాదం ఇందులోనే ఎక్కువ. అంబ్రెల్లా పాలసీ కింద ఉన్న లయబిలిటీ, వాహన పాలసీలకు ఇంత పరిమితి తప్పకుండా ఉండాలని షరతు పెడుతుంది. ఆ మొత్తం చాలాసార్లు ఒక ప్రమాదానికి 10 లక్షల డాలర్లు. అంబ్రెల్లా కాగితాలు చూడని కొత్త బ్రోకర్ ధర తగ్గించాలని కింది వాహన పాలసీ పరిమితిని 5 లక్షలకు దించితే, పై పాలసీ మాత్రం 10 లక్షలు దాటాకే డబ్బు ఇస్తుంది. మధ్యలో మిగిలిన 5 లక్షలూ ఫ్యాక్టరీ సొంత డబ్బే. అందుకే ఉత్తరాలు పంపేముందు ఫ్యాక్టరీకి ఉన్న ప్రతి పాలసీ మొదటి పేజీలు ముందేసుకుని నంబర్లు సరిచూసుకోవాలి, ప్రతి కంపెనీ నుంచి రాతపూర్వక ధ్రువీకరణ వచ్చిందాకా అడుగుతూనే ఉండాలి. ధ్రువీకరణ రాని పాలసీని మారని పాలసీగానే లెక్కపెట్టాలి.

మార్పు అమల్లోకి వచ్చిన రోజు నుంచి పాత ఏజెన్సీ ఆ ఖాతా పని ఆపేస్తుంది. ఆపాలి కూడా. దాని ప్రభావం మొదట కనిపించేది సర్టిఫికెట్ల దగ్గర. ఈ ఫ్యాక్టరీ నుంచి భాగాలు కొనే పెద్ద కంపెనీలు, దానికి అప్పిచ్చిన బ్యాంకు, యంత్రాలు లీజుకిచ్చినవాళ్లు అందరూ బీమా ఉన్నట్టు సర్టిఫికెట్ అడుగుతారు. ఎవరికి ఏ షరతులతో ఇవ్వాలో ఉన్న జాబితా పాత ఏజెన్సీ కంప్యూటర్లోనే ఉంటుంది. అది ముందుగా తీసుకోకపోతే, ఏదో ఒక శుక్రవారం సాయంత్రం కొనుగోలుదారు ఆఫీసు నుంచి “మీ సర్టిఫికెట్ గడువు ముగిసింది, సోమవారం సరుకు దించనివ్వం” అన్న సందేశం వచ్చాక వెతుకులాట మొదలవుతుంది. ఉత్తరం పంపేముందే ఆ జాబితా నకలు అడిగి తెచ్చుకోవడం వింతేమీ కాదు. ఆ సర్టిఫికెట్లన్నీ ఫ్యాక్టరీకి కూడా వచ్చి ఉంటాయి గనుక అకౌంట్స్ విభాగంలో వెతికినా సగం దొరుకుతాయి.

క్లెయిములది ఇంకా సున్నితమైన సంగతి. మే 28న ఒక కార్మికుడి వేలు ప్రెస్‌లో నలిగింది. సూపర్‌వైజర్ పాత బ్రోకర్‌కు ఈమెయిల్ పంపి ఊరుకున్నాడు. జూన్ 2న ఉత్తరం వెళ్లింది. ఆ ఈమెయిల్ బీమా కంపెనీకి చేరిందా? బ్రోకర్‌కు చెబితే బీమా కంపెనీకి చెప్పినట్టేనా అన్నది అతని ఒప్పందాన్ని బట్టి, రాష్ట్ర చట్టాన్ని బట్టి తేలే ప్రశ్న. ఆలస్యంగా తెలిపారని కంపెనీ పేచీ పెట్టేదాకా తెచ్చుకోకుండా ఉండాలంటే తేలికైన పద్ధతి ఒకటుంది. అమెరికాలో ఇలాంటి ఫ్యాక్టరీలు పనిలో జరిగిన గాయాలను ఓషా 300 లాగ్ అనే రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరునూ బీమా కంపెనీ నుంచి తెచ్చిన తాజా లాస్ రన్‌నూ పక్కపక్కన పెట్టి వరస వరసా సరిచూడాలి. రిజిస్టరులో ఉండి లాస్ రన్‌లో లేని గాయానికి వైద్యం ఖర్చు అయి ఉంటే ఆ సమాచారం మధ్యలో ఎక్కడో ఆగిపోయినట్టే. ఉదాహరణలోని వేలి గాయం అలాగే బయటపడింది. అదే వారం ఫ్యాక్టరీ నేరుగా బీమా కంపెనీకి తెలియజేసింది. సరుకులో లోపం ఉందని కొనుగోలుదారులు రాసిన ఉత్తరాలనూ ఇలాగే వెతికి తీయాలి. అవి ఇంకా క్లెయిములు కాకపోయినా తర్వాత అవుతాయి.

డబ్బు సంగతికి వస్తే, కమీషన్ సగటున 12 శాతం అనుకుంటే ఈ ఖాతా మీద ఏడాదికి 50,400 డాలర్లు. పాత బ్రోకర్ ఎందుకంత గట్టిగా పట్టుకుంటాడో దీన్ని బట్టే తెలుస్తుంది. ఏడాది మధ్యలో ఉత్తరం వస్తే ఆ ఏడాది కమీషన్ పాత బ్రోకర్‌కే ఉంచి రెన్యువల్ నుంచి కొత్తవాళ్లకు ఇవ్వడం చాలా కంపెనీల రివాజు. ఉత్తరం అందిన తర్వాత వచ్చే వాయిదాల మీద కొత్తవాళ్లకే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అంటే కొత్త ఏజెన్సీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆదాయం లేకుండా పనిచేయాల్సి రావచ్చు. ఆ నెలల్లో సర్టిఫికెట్లు, క్లెయిములు చూస్తారా లేదా అన్నది సంతకం పెట్టేముందే అడిగి, రాయించుకోవాలి. ఒకవేళ ప్రీమియం వాయిదాలు పాత ఏజెన్సీ వసూలుచేసి బీమా కంపెనీకి కట్టే పద్ధతి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఇచ్చిన సొమ్మంతా కంపెనీకి చేరిందని కంపెనీ నుంచే లెక్క తెప్పించుకోవాలి.

ఎప్పుడు పంపాలన్నది ఉత్తరంలోని మాటలంత ముఖ్యం. రెన్యువల్‌కు 3, 4 నెలల ముందైతే కొత్త బ్రోకర్‌కు ఫ్యాక్టరీ చూడటానికి, దరఖాస్తులు సరిగ్గా రాయడానికి వ్యవధి ఉంటుంది. 20 రోజుల ముందు పంపితే పాత బ్రోకర్ తెచ్చిన ధరే కొత్త బ్రోకర్ చేతి మీదుగా వస్తుంది, అంతకుమించి ఏమీ మారదు. వర్కర్స్ కాంపెన్సేషన్ విషయంలో 4 నెలలు కూడా చాలవు. ఈ పాలసీ ప్రీమియంలో ఎక్స్‌పీరియన్స్ మాడిఫికేషన్ అనే గుణకం ఉంటుంది. తన రంగంలో సగటున జరిగే ప్రమాదాలే ఫ్యాక్టరీలోనూ జరిగితే అది 1.00. ఎక్కువ జరిగితే పెరుగుతుంది, తక్కువ జరిగితే తగ్గుతుంది. దాన్ని లెక్కగట్టడానికి మొన్నటిదాకా నడిచిన ఒక ఏడాదిని వదిలేసి, అంతకు ముందు 3 ఏళ్ల పాలసీల క్లెయిములను తీసుకుంటారు. ఒక్కో పాలసీ క్లెయిములకు అది మొదలైన 18 నెలలకు మొదటిసారి, ఆ తర్వాత ఏడాదికోసారి విలువ కడతారు. అక్టోబర్ 1న మొదలయ్యే పాలసీలకు ఆ రోజు ఏప్రిల్ 1. అప్పటికి తెరిచి ఉన్న క్లెయిముకు బీమా కంపెనీ ఎంత మొత్తం పక్కన పెట్టి ఉంచితే అంతే లెక్కలోకి ఎక్కుతుంది. కార్మికుడు ఎప్పుడో కోలుకుని పనిలో చేరినా, ఫైలు మూయకుండా అతని పేరున 40,000 డాలర్లు అలాగే ఉంటే గుణకం దాన్నే చూస్తుంది. ఉదాహరణలోని ఉత్తరం జూన్‌లో వెళ్లింది. అంటే ఈ అక్టోబర్ గుణకానికి సంబంధించిన విలువ కట్టడం 2 నెలల కిందటే అయిపోయింది. అదే ఉత్తరం జనవరిలో వెళ్లి ఉంటే, ఏప్రిల్ లోపు ఇలాంటి పాత ఫైళ్లను మూయించమని క్లెయిముల అధికారిని అడగడానికి కొత్త బ్రోకర్‌కు రెండు నెలలకు పైగా దొరికేది. అయితే వర్కర్స్ కాంపెన్సేషన్ కంపెనీతో అతనికి ఒప్పందం ఉండి ఉంటేనే ఇది కుదిరేది.

భారతదేశంలోనూ ఇదే పని చేసే ఉత్తరం ఉంది. ఇక్కడ దాన్ని మాండేట్ లెటర్ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీ అయినా, విశాఖలో ఉక్కు సామగ్రి చేసే ఫ్యాక్టరీ అయినా బ్రోకర్ ద్వారా అగ్నిప్రమాద, మెరైన్, లయబిలిటీ పాలసీలు తీసుకుంటే ముందు ఈ లెటర్ ఇస్తుంది. ఖాతాదారు తరఫున బీమా కంపెనీతో వ్యవహరించడానికి బ్రోకర్ దగ్గర రాతపూర్వక అధికారం ఉండాలని ఐఆర్‌డీఏఐ నిబంధనలే చెబుతాయి. ప్రభుత్వ రంగ సంస్థలు బ్రోకర్ల నుంచి టెండర్లు పిలిచి ఎంపిక చేయడమూ ఉంది. ప్రీమియం ముందే చెల్లిస్తే తప్ప రిస్కు మొదలుకాదని 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతుంది. అందుకే చాలా పాలసీలకు ఏడాది ప్రీమియం మొదట్లోనే కట్టేస్తారు, కమీషనూ అప్పుడే లెక్కకు వస్తుంది. దాంతో ఏడాది మధ్యలో బ్రోకర్‌ను మార్చితే కొత్తవాళ్లకు దక్కేది పనే గానీ డబ్బు కాదు. ఇక్కడ మార్పులు ఎక్కువగా రెన్యువల్‌కు ముందే జరగడానికి అదొక కారణం. మాండేట్‌లో కాలపరిమితి రాసుకునే అలవాటు కూడా ఉంది. ఒక ఏడాదికని రాసిచ్చిన మాండేట్ గడువు తీరాక, రెన్యువల్ మాట్లాడాలంటే మళ్లీ కొత్తది రాసివ్వాల్సిందే, బ్రోకర్ పాతవాళ్లే అయినా సరే.